నలభై రెండు అడుగులు

ఆ టేపు ఒక కొస నేనే పట్టుకున్నాను. అది ఎప్పుడు గుర్తొచ్చినా నాలో నేనే నవ్వుకుంటాను. ఆ నెలలో మాత్రం నవ్వు రాలేదు.

వానలు మొహం చాటేసిన ఏళ్లవి. వేసిన శెనక్కాయ విత్తనం కూడా తిరిగి రాని ఏడాది ఒకటి వచ్చింది. మా అత్త పోతూ పోతూ నా పేరున రాసిన రాతి ఇంటిని మా ఊళ్లో కొత్తగా తెరిచిన బ్యాంకుకు బాడిగకు ఇచ్చాం. వెనక పెరట్లో గడ్డి కప్పిన రెండు కొట్టాల్లో మేము ఉండేవాళ్లం. నెల నెలా వచ్చే ఆ బాడిగతోనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ దేవుడే బ్యాంకు రూపంలో వచ్చాడని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను.

ఇంటిలో ఒక గది మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. వెనక మూల దేవుడి గది. దాని వాకిలి పెరట్లోకే తెరుచుకుంటుంది. పొద్దున, సాయంత్రం దీపం పెట్టేదాన్ని. తాళంచెవి నా కొంగుకే ఉండేది. బ్యాంకువాళ్లు దాన్ని ఎప్పుడూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం బ్యాంకు గుమాస్తా ఇనుప టేపు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. గదులు కొలుస్తున్నామనీ ఈ గది కూడా చూడాలనీ అన్నాడు. తాళం తీశాను. అతను చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి దీపానికి దణ్ణం పెట్టుకున్నాడు. "కొంచెం ఆ కొస గోడకు ఆనించి పట్టుకోమ్మా" అన్నాడు. పట్టుకున్నాను. ఏడడుగులు, ఆరడుగులు అని కాగితం మీద రాసుకున్నాడు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్లాడు.

పది రోజులకు అతనే ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం తెచ్చాడు. చదివి చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. ఒప్పందంలో కార్పెట్ ఏరియా తొమ్మిది వందల అరవై చదరపు అడుగులని ఉంది, మేము కొలిస్తే అంత లేదు, కొలతలు జత చేశాం, వచ్చే నెల నుంచి బాడిగ సరైన కొలత మీద మార్చాలి, అభ్యంతరముంటే ఏడు రోజుల్లో ఇద్దరం కలిసి కొలుద్దాం. అదీ సారాంశం. కింద సంతకం మేనేజరుది.

"కార్పెట్ ఏరియా అంటే ఏంది?" అని మా ఆయన అడిగాడు.

"గోడలు వదిలేసి లోపల గోడ నుంచి గోడకు కొలిచే నేలన్నా. దానిమీదే మాకు బాడిగ."

"మరి గోడ? గోడ ఎవునిదిరా? రెండడుగుల గోడ ఉండబట్టే కదా, మీ మేనేజరు ఎండాకాలంలో ఫ్యాను లేకుండా కుచ్చోని నిద్రపోతాండాడు! చల్లదనానికి బాడిగ లేదా?"

గుమాస్తా నవ్వబోయి ఆపుకుని వెళ్లిపోయాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రికే నాకు తెలిసిపోయింది. ఒప్పందం రోజున మంగళవాడ నుంచి పిలిపించిన మేస్త్రి ఇంటి చుట్టూ బయట తాడు లాగి, నలభై పొడవు, ఇరవై నాలుగు వెడల్పు అన్నాడు. మేస్త్రికి గోడ కట్టినందుకే కూలి. గోడను వదిలి ఇంటిని కొలవాలన్న ఆలోచన అతనికెందుకొస్తుంది? అప్పటి మేనేజరు కూడా అదే రాసుకున్నాడు. మోసం లేదు. లెక్క మాత్రం తప్పు.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే ఎక్కాలు నేర్పాడు. జత చేసిన కాగితంలో ఇంగ్లీషు అక్షరాలు తెలియకపోయినా అంకెలు తెలిశాయి. ముందు హాలు ఇరవైకి ఇరవై, నాలుగు వందలు. పక్క గది పద్నాలుగుకు పదకొండు, నూట యాభై నాలుగు. దాని వెనక చిన్న గది ఏడుకు ఏడు, నలభై తొమ్మిది. చివరిది ఏడుకు ఆరు, నలభై రెండు. మొత్తం ఆరు వందల నలభై అయిదు. కూడిక సరిగ్గానే ఉంది.

చివరిది నా దేవుడి గది. నేను టేపు పట్టుకుని కొలిపించిన గది.

చెబితే బాడిగ ఇంకా తగ్గుతుంది. చెప్పకపోతే ఆ గది కాగితం మీద బ్యాంకుదవుతుంది. నాలుగు రోజులు నోరు మెదపలేదు. దీపం పెడుతూ ఏమీ అడగలేకపోయాను. అడిగితే జవాబు నాకే తెలుసు కాబట్టి.

మా ఆయన మాత్రం ఇంటి ముందు అరుగును కూడా లెక్కలోకి తేవాలని పట్టుబట్టాడు. కలిసి కొలిచే రోజున మేనేజరుతో అదే అన్నాడు.

"అరుగు మీద నేను ఫైళ్లు పెట్టుకోలేను కదా స్వామీ" అన్నాడు మేనేజరు. మధుగిరి వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. "లోపలి నేలకే లెక్క. మీ ముందే కొలుస్తాం."

కొలిచారు. ప్రతి గదికీ మా ఆయన వంగి టేపు మీది అంకె తనే చూశాడు. ఒక్క అంగుళం తేడా రాలేదు. ఆయన మొహం వాడిపోయింది. చివరికి పెరట్లోకి వచ్చి దేవుడి గది ముందు నిలబడ్డాం.

"ఇది కూడా మా లెక్కలో వేసుకున్నాం. ఇక తాళంచెవి మాకు ఇవ్వాల్సి ఉంటుందమ్మా. పాత రికార్డులు పెట్టుకుంటాం" అన్నాడు మేనేజరు.

మా ఆయన నా చెవి దగ్గరకొచ్చాడు. "ఇచ్చేయమే. దేవునికి కొట్టంలో గూడు చాలు. యాడున్నా దేవుడే కదా. ఆ నలభై రెండూ పోతే ఇంక తినేదేంది?"

ఆయన మాట తప్పని నేను అనలేను. ఆకలి తెలిసిన మనిషి అన్న మాట అది. నా చేయి కొంగు ముడి మీదికి పోయింది. విప్పాను కూడా. తాళంచెవి అరచేతిలో వేడిగా ఉంది. అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఈ గది మేము మీకు బాడిగకు ఇయ్యలేదు సార్. ఎప్పుడూ నా దగ్గరే ఉండాది. మీరు వాడింది లేదు. దాన్ని కొట్టేయండి."

మేనేజరు కాగితం వైపు, నా వైపు చూశాడు. "కొట్టేస్తే ఆరు వందల మూడే అవుతుందమ్మా. మీకే నష్టం."

"అవుతుంది సార్."

"ఏమ్మే, పిచ్చా నీకు!" మా ఆయన గొంతు పెరడంతా వినిపించింది. గుమాస్తా టేపు చుట్టుకుంటూ గోడవైపు తిరిగిపోయాడు.

మేనేజరు కలం తీసి చివరి వరుస మీద అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, నా చేతికిచ్చాడు. నేను తెలుగులో నా పేరు రాశాను. ఇన్నాళ్లూ ఎక్కువ ఇచ్చినదాన్ని తిరిగి వసూలు చేయబోమని, పైఆఫీసుకు మేస్త్రి కొలత వల్ల జరిగిన పొరపాటని మాత్రమే రాస్తానని చెప్పి వెళ్లాడు. ఆ మనిషికి ఈ రోజుకూ దీపం దగ్గర ఒక దణ్ణం పెడతాను.

మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బాడిగ తగ్గింది. నేను రెండు ఇళ్లలో శెనక్కాయలు ఒలిచే పనికి పోయాను. పస్తులున్న పూటలు లేకపోలేదు. తప్పు చేశానా అని నన్ను నేనే అడిగిన రోజులూ ఉన్నాయి.

ఆ తర్వాత కోపం వచ్చినప్పుడల్లా ఆయనకు అదే మాట. "పోయి నీ నలభై రెండడుగుల దేవున్ని అడుగు పో."

రెండేళ్లకు నాలుగు చినుకులు సరిగ్గా పడ్డాయి. పంట బాగా వచ్చింది. మరుసటి ఏడాది విత్తనానికని తీసిపెట్టిన మూట ఒకటి భుజాన వేసుకుని ఆయన పెరట్లో నిలబడ్డాడు. కొట్టాల్లో ఎలుకలు. రాతి గోడలను ఎలుక తొలచలేదు.

"ఏమే" అన్నాడు నా వైపు చూడకుండా. "ఆ నలభై రెండులో దీనికింత చోటుంటుందా?"

కొంగు ముడి విప్పి తాళం తీశాను. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి, దీపానికి తగలకుండా మూటను మూలకు ఆనించాడు.