ఎనభై దగ్గర ఆగనివ్వని బ్యాటరీ

మా వీధిలో అందరికన్నా ముందు కంప్యూటర్ ముట్టుకున్నవాణ్ణి నేనే. స్టీల్ ప్లాంటు స్టోర్స్‌లో నా బల్ల మీద ఒకటి పెట్టారు. దాన్ని ఆన్ చేయడం, ఆఫ్ చేయడం రెండూ వచ్చేసరికి సీతమ్మధార మొత్తానికీ నేను శాస్త్రజ్ఞుణ్ణయిపోయాను. నేనూ వద్దనలేదు. అసలు పాపం అక్కడే మొదలైంది.

మా పక్కింటాయన పోర్టులో సర్వేయరు. ఓడ నీళ్ళలో ఎంత మునిగిందో చూసి, ఎంత సరుకు దిగిందో లెక్కగట్టడం ఆయన పని. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన లాప్‌టాప్ కొని, కొత్త బండిని గుడికి తీసుకెళ్ళినట్టు ముందుగా నా దగ్గరికి తెచ్చాడు. కంపెనీ వాళ్ళే వేసిచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిస్తే, చార్జింగ్ నిండా ఎక్కించాలా, ఎనభై శాతం దగ్గర ఆపాలా అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. "పూర్తి డబ్బు తీసుకుని ముప్పాతికే వాడుకోమంటాడేంటి బావా, వీడి పొగరు!" అని 'నిండా' మీద నొక్కేశాను. అంతటితో ఊరుకున్నానా? విశాఖలో కుళాయి వచ్చినప్పుడు బిందెలు, బకెట్లు, చివరికి సబ్బుపెట్టె కూడా నింపుకునేవాళ్ళం కదా, ఆ లెక్కే దీనికీ చెప్పాను. "ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచు. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవడికి తెలుసు!"

బావ నా మాట వేదంలా పాటించాడు. వాళ్ళావిడ దుమ్ము పడకుండా ఊలుతో దానికో తొడుగు అల్లింది. మే నెలలో, స్వెట్టర్ తొడుక్కుని, నిండు చార్జింగ్‌తో ఆ యంత్రం రాత్రింబవళ్ళు కుతకుతలాడింది. మూత మీద దోసె పోస్తే రెండో వైపు తిప్పక్కర్లేదు.

రెండేళ్ళు తిరిగేసరికి ఒక బొగ్గు ఓడ డెక్ మీద, సగం లెక్కలో, అది కన్ను మూసింది. బావ కాగితం మీద మళ్ళీ మొదట్నించీ లెక్కగడుతుంటే కెప్టెను వాచీ వైపు చూస్తూ నిలబడ్డాడట. ఇంకోసారి ఇలా జరిగితే వేరే సర్వేయర్ని పిలుచుకుంటామని ఏజెంటు మొహం మీదే అనేశాడట. తర్వాతి ఓడ ఆ వారంలోనే ఉంది.

"బావా, ఇది సచ్చిపోనాది," అంటూ వచ్చాడు. "మేడ పగుళ్ళకి దాసిన డబ్బుతో కొత్తది కొనీడమే. నాను సరిగా సూసుకోలేదేటో."

ఆయన చూసుకున్నంతగా పసిపిల్లల్ని కూడా ఎవరూ చూసుకోరు.

"కాస్త ఆగు," అని, లాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టెలోంచి తీయకుండా మిగిలిపోయిన చిన్న పుస్తకం మొదటిసారి చదివాను. లిథియం బ్యాటరీకి నిండుకడుపూ, వేడీ రెండూ పడవట. రెండూ కలిస్తే తొందరగా ముసలిదవుతుందట. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, కొత్తప్పుడు పట్టిన చార్జింగులో ఇప్పుడు పావు వంతు కూడా పట్టడం లేదు. బ్యాటరీని పూర్తిగా వాడి, మళ్ళీ నింపిన సార్లు చూస్తే మాత్రం చాలా తక్కువ. అంటే వాడి అరగలేదు, కూర్చోబెట్టి ఉడకబెట్టాం. ఉడకబెట్టమన్నది నేను.

"స్క్రీన్ బాగుందా? కీబోర్డు? నీ లెక్కలు వేగంగానే వస్తున్నాయా?"

"ఆటికేటయింది? శుభ్రంగా ఉన్నాయి."

"మరి కొత్తది దేనికి? మదర్‌బోర్డు పోతేనో, ఈ మోడల్‌కి బ్యాటరీ దొరక్కపోతేనో కొనాలి. దీని బ్యాటరీ కింద రెండు గొళ్ళేలు జరిపితే ఊడి వచ్చేస్తుంది. అదొక్కటీ మారుద్దాం."

కంపెనీ డీలరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. షాపులో ఉట్టినే పడున్నా బ్యాటరీ వయసు పెరుగుతుంది కాబట్టి, తయారైన నెల చూడకుండా కొననన్నాను. డీలరు నన్ను ఏదో ల్యాబులోంచి వచ్చినవాడిలా చూశాడు. మామూలప్పుడైతే ఆ చూపు వారం రోజులు నెమరేసుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం నేల చూపులు చూశాను.

ఆ వారం ఓడ లెక్క మొత్తం అయ్యాక కూడా బ్యాటరీలో సగం మిగిలిందట. తర్వాతి ఓడ కూడా నీకేనని ఏజెంటు చెప్పాడట. ఆ సాయంత్రం బావ యారాడ నుంచి కోనెం చేప పట్టుకొచ్చాడు. మా స్కూటరు కన్నా ఓ జానెడు పొడుగుంటుంది. వీధంతా వినపడేలా, "మా బావ లేపోతే నాను కొత్తది కొనీసేవోణ్ణి!" అన్నాడు.

ఆ రాత్రి వాళ్ళింట్లో ఆ చేప కూరే తింటూ, ఎడంచేత్తో లాప్‌టాప్ తెరిచి ఎనభై దగ్గర ఆగేలా పెట్టాను. ఓడ ఉన్న ముందురోజు మాత్రం నిండా ఎక్కించుకో, మిగతా రోజులు ఇలాగే ఉంచు, ఆ స్వెట్టర్ విప్పెయ్ అన్నాను.

"అదేటి బావా? ముందర నిండా ఉంచమన్నావు గదా?"

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. "నేను చెప్పిందే తప్పు బావా. మొదటి బ్యాటరీని చంపింది నేనే."

బావ పగలబడి నవ్వాడు. "సూసినావేటే," అన్నాడు వాళ్ళావిడతో, "పెద్ద సదువులోళ్ళు ఇలాగే తగ్గి మాటాడతారు!"

ఆవిడ నా కంచంలో ఇంకో పెద్ద ముక్క వేసింది. ఎలా మింగాలో తెలియక, ముల్లు ఏరుతున్నట్టు తలొంచుకుని కూర్చున్నాను.