ఔట్ లేని ఆట

భాగ్యలక్ష్మి మేడం విజిల్ ఊదితే గోడ మీది కాకులు కూడా వరుసలో నిలబడతాయని నల్గొండ దగ్గరి ఆ బాలికల హైస్కూల్లో అందరూ నవ్వుకునేవారు. ఆమె ఆటల టీచరు. ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడిన మనిషి. గెలిచామా, ఓడామా, ఔటయ్యామా అన్న లెక్క తప్ప లోకంలో ఇంకో లెక్క ఉందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

అలాంటామె మెడకు ఆ ఫిబ్రవరిలో ఒక వింత పని చుట్టుకుంది. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. ప్రీఫైనల్లో సింధూజ అనే పిల్ల లెక్కల పేపరు ఖాళీగా ఇచ్చేసింది. చదవక కాదు. మగ్గం నేసే ఇంటి పిల్ల, లెక్కల్లో ఎప్పుడూ ముందుండేది. పేపరు చూడగానే చేతులకు చెమటలు పట్టి అన్నీ మరిచిపోయింది. మర్నాడు వాళ్లకు లెక్కలు కూడా చెప్పే హెడ్మాస్టర్ పరమేశ్వర్ సార్ దగ్గరికి వచ్చి, "నేను పరీక్షలు రాయ సార్. ఇంట్లనే ఉంట" అని తేల్చి చెప్పింది.

సార్ భాగ్యలక్ష్మిని పిలిపించాడు. "స్పెషల్ క్లాసుల నడుమ పిల్లలకు రోజూ జరసేపు ఆటలో, ఊపిరి తీసుడో, ఏదో ఒకటి చేయించుండ్రి మేడం. గా పిల్ల పరీక్ష రాయాలె" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన లెక్కల మాస్టారు ఎందుకవుతాడు? "సిలబస్ మాత్రం ఆగొద్దు" అని తోక తగిలించాడు.

ఆ సాయంత్రం బడిలో పెట్టే ఉడకబెట్టిన శనగలు తినడం కాగానే మేడం పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి విజిల్ ఊదింది. "ఊపిరి బిగపట్టుండ్రి! ఎవరు ఎక్కువసేపు పడితే వాళ్లే గెలిచినట్టు. ఇడిసినోళ్లు ఔట్!" కబడ్డీ కూత మీద పెరిగిన మనిషికి ఊపిరంటే పందెమే కదా మరి.

సింధూజ పళ్లు బిగించింది, మొహం ఎర్రబడింది, అందరికంటే ముందు ఊపిరి వదిలేసింది. "సింధూజ ఔట్!" అని మేడం అరిచింది. పిల్ల గీత అవతల కూలబడింది. రొప్పుతోంది, వేళ్లు తిమ్మిరెక్కాయి, కళ్ల నిండా నీళ్లు.

"గీడ గూడ నేనే ఫస్ట్ ఔటైన మేడం" అంది.

ఆ మాటకు భాగ్యలక్ష్మికి నిజంగా సిగ్గేసింది. విజిల్ జేబులో వేసుకుని ఆ పిల్ల పక్కనే మట్టిలో చతికిలబడింది. "తప్పు నాది బిడ్డా. ఊపిరి పట్టుడు గాదు మనకు కావాల్సింది, ఇడుసుడు. భుజాలు ఒదులు చెయ్యి. ముక్కుతోని మెల్లగ తీస్కో, నాలుగు లెక్కపెట్టు. ఇగ చాయ్ ఊదినట్టు నోటితోని ఇంకా మెల్లగ ఇడువు, ఆరు లెక్కపెట్టు. బలవంతం వద్దు. తల తిరిగినట్టనిపిస్తే ఆపి మామూలుగ పీల్చుకో." ఇద్దరూ కలిసి కాసేపు అలాగే చేశారు. పిల్ల రొప్పు తగ్గింది, వేళ్ల తిమ్మిరి వదిలింది.

మర్నాటి నుంచి పందేలు బంద్. పిల్లలు ముందు నెమ్మదిగా ఊపిరి వదిలేవారు, ఆ తర్వాత గుండ్రంగా నిలబడి అంకెలాట ఆడేవారు. ఒకరి తర్వాత ఒకరు అంకె చెప్పాలి. ఏడు గానీ, ఏడో ఎక్కంలోది గానీ వస్తే నోరు మూసుకుని చప్పట్లు కొట్టాలి. తప్పినవాళ్లు ఔట్ కారు. అందరూ "మళ్లా!" అని కేకేసి ఒకటి నుంచి మొదలుపెడతారు.

"గిదేం లొల్లి?" అంటూ ఒకరోజు పరమేశ్వర్ సార్ వచ్చాడు. పిల్లలు చెయ్యి పట్టి లాగి ఆయన్నీ మధ్యలో నిలబెట్టారు. ఎక్కాలు నిద్రలో కూడా అప్పజెప్పే మనిషి, తన వంతు రాగానే "పద్నాలుగు!" అని ఖంగుమన్నాడు. పిల్లలు బిత్తరపోయారు. ముందుగా కిసుక్కుమన్నది సింధూజే. ఇక "మళ్లా!" అన్న కేకకు బడి దద్దరిల్లింది. సార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత సిలబస్ సంగతేమో గానీ, ఆయన మాత్రం ఆటకు ఒక్కరోజు కూడా డుమ్మా కొట్టలేదు.

సింధూజ స్లిప్ టెస్టులు రాయసాగింది. పరీక్ష మాటెత్తితే మాత్రం "చూస్త మేడం" అనేది, అంతే.

లెక్కల పరీక్ష రోజు టీచర్లిద్దరూ సెంటర్ గేటు బయట నిలబడ్డారు. సింధూజ లోపలికైతే వెళ్లింది, మళ్లీ ఖాళీ పేపరే ఇస్తే? బెల్లు కొట్టాక అందరికంటే చివర సింధూజ వచ్చింది.

"ఎట్ల రాసినవ్?" అన్నాడు సార్ ఆత్రంగా.

"మొదటి లెక్క రాలేదు సార్." ఆయన మొహం వాడిపోయింది. పిల్ల ఆగకుండా చెప్పింది. "చేతులకు మళ్ల చెమటలు పట్టినయ్. పెన్ను పక్కకు పెట్టి మెల్లగ ఊపిరి ఇడిసిన. ఇగ రెండోది సూసిన, వచ్చింది. బెల్లు కొట్టేదాంక రాస్తనే ఉన్న."

"మరి మొదటిది?"

"అది గట్లనే ఉన్నది. ఉండనీ సార్, ఏమైతది?" అని నవ్వింది.

పాయింటు పోయిన మాట ఇంత హాయిగా చెప్పిన మనిషిని భాగ్యలక్ష్మి తన జన్మలో చూడలేదు. నడిరోడ్డు మీద, అంతమంది తల్లిదండ్రుల ముందు, ఆ పిల్లను గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది.