కల్లు తాగింది ఎవరు?

ఆ ఏడాది ఎండాకాలమంతా నేను హనుమకొండలో, మా భాషాశాస్త్ర విభాగం చివరి గదిలో ఒకే ఒక్క ప్రశ్న అడుగుతూ గడిపాను. కల్లు తాగింది ఎవరు?

నా పరిశోధన మనిషి వాక్యాన్ని ఎలా చదువుతాడన్న దాని మీద. వాక్యం అయిపోయేదాకా మనసు ఆగదు. ఒక్కో మాట వస్తుంటే అప్పటికప్పుడే అర్థం కట్టేసుకుంటుంది. తరువాతి మాట ఆ అర్థాన్ని కూలగొడితే కళ్లు తడబడతాయి. ఆ తడబాటును కొలవడమే నా పని. మా గైడ్ సార్ మొదట అలా తడబాటు పుట్టించే ఇంగ్లీషు వాక్యాలను తెలుగు చేసి వాడమన్నారు. చేశాను. ఒక్కటీ పని చెయ్యలేదు. ఇంగ్లీషు వాక్యంలో మోసం చేసే మాట తెలుగులోకి వచ్చేసరికి ‘ను’ అనో ‘కి’ అనో ప్రత్యయం తగిలించుకుని తన గుట్టు తానే చెప్పేసేది. రెండు నెలలు వృథా అయ్యాక తెలుగుకు తెలుగు ఉచ్చు వెతుక్కున్నాను.

‘పోలీసు కల్లు తాగిన డ్రైవర్‌ను ఆపాడు.’

కంప్యూటర్ మీద మాటలు ఒక్కొక్కటే వస్తాయి. మీట నొక్కితే ఉన్న మాట పోయి తరువాతిది కనిపిస్తుంది. వాక్యం అయ్యాక ‘కల్లు తాగింది ఎవరు?’ అన్న ప్రశ్న వస్తుంది, జవాబు కూడా మీట నొక్కే చెప్పాలి. ‘పోలీసు కల్లు తాగిన’ వరకు వచ్చేసరికి చదివేవాడు పోలీసుకు కల్లు పట్టించేస్తాడు. ‘డ్రైవర్‌ను’ అని రాగానే పోలీసును అక్కడి నుంచి లాగి చివరి క్రియ కోసం పక్కన నిలబెట్టాలి. ‘కల్లు తాగిన డ్రైవర్‌ను పోలీసు ఆపాడు’ అని రాస్తే ఈ గొడవ లేదు. రెంటిలోనూ ‘డ్రైవర్‌ను’ దగ్గర ఎంతసేపు ఆగారో పోల్చి చూడాలి.

అనుకున్నట్టే మొదటి వాక్యంలో చేతులు ఆగాయి. విసుగు పుట్టించినవి జవాబులు. పరకాల నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థి ఒకడు, తాగింది పోలీసేనని నొక్కాడు. పని అయ్యాక ఉండబట్టలేక వాక్యం మొత్తం తెర మీద పెట్టి చూపించాను.

“ఇది చదువు తమ్మీ. ఎవరు తాగిండ్రు?”

వాడు చదివాడు. నా వైపు అనుమానంగా చూశాడు.

“డ్రైవర్. గని అక్కా, ఇందాక గిట్ల లేకుండె. నువ్వు మార్చినవ్.”

“నేనేం మార్చలే.”

“మరి నేను పోలీసు తాగిండని సదివిన గదా. నాకు మంచిగ యాదికున్నది.”

వాడితో వాదించి గొంతు ఎండింది. తరువాతి అమ్మాయీ అదే జవాబు చెప్పింది. ఆమె తరువాత వచ్చినవాడూ అంతే. సార్ దగ్గరికి వెళితే తల కూడా ఎత్తలేదు.

“శ్రద్ధ పెట్టి చదవలేదమ్మా వాళ్లు. తీసేసెయ్.”

ఎండలో బతిమాలి తెచ్చుకున్న పిల్లలను తీసేయడమంటే ఒళ్లు మండింది. బయటికొచ్చి వాళ్లు చదివిన వేగాలు మళ్లీ చూశాను. తప్పు చెప్పినవాళ్లు కూడా ‘డ్రైవర్‌ను’ దగ్గర అందరిలాగే ఆగారు. శ్రద్ధ లేనివాడు అక్కడ ఎందుకు ఆగుతాడు? డ్రైవర్ తాగాడని వాళ్లకు అందింది. కానీ పోలీసు తాగాడన్న మొదటి అర్థం చెరిగిపోలేదు. రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

అదంతా తీసుకెళ్లి చూపిస్తే ఈసారి సార్ తల ఎత్తారు. చాలాసేపు ఆ వేగాలు చూశారు.

“బాగుంది. కానీ పోలీసు కల్లు తాగాడంటే మనవాళ్లెవరైనా నమ్ముతారమ్మా. వాక్యం వల్ల తప్పు చెప్పారో, లోకం తెలిసి చెప్పారో నీకెట్లా తెలుసు? నమ్మలేనివి కూడా పెట్టు.”

అంటే కొత్త వాక్యాలు రాయాలి. మళ్లీ పిల్లలను వెతకాలి. ఆ సాయంత్రం బస్టాండు దాకా విసవిసా నడిచాను. ఆయన మాట తప్పయితే తిట్టుకోవడానికైనా ఉండేది. తప్పు కాదు.

వానలు మొదలయ్యాక రెండో విడత పెట్టాను. ‘రైతు గడ్డి మేసిన ఎద్దును తోలుకొచ్చాడు’ లాంటివి. ఈసారి చేతులు ‘మేసిన’ దగ్గరే ఆగాయి. రైతు గడ్డి మెయ్యడు కాబట్టి మనసు అక్కడే అనుమానపడింది. ‘ఎద్దును’ వచ్చేసరికి పెద్దగా తడబాటు లేదు. గడ్డి మేసింది రైతని చెప్పినవాళ్లు చాలా తక్కువ. పోలీసులాంటి వాక్యాల్లో మాత్రం ఆ పాత తప్పు అలాగే వచ్చింది. మనసు తనకు నమ్మశక్యమైన కథను ముందుగా కట్టుకుంటుంది, కట్టుకున్నదాన్ని పూర్తిగా వదులుకోదు. నేను రాయగలిగింది ఇంతే. సార్ దాన్ని ఒక అధ్యాయంగా ఒప్పుకున్నారు, అదీ మూడుసార్లు తిరగరాయించి.

పరకాల అబ్బాయి ఫలితం తెలుసుకుందామని ఒకరోజు వచ్చాడు. అంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

“అంటే నాది తప్పు గాదన్నట్టు.”

“జవాబు తప్పే. కానీ అది నీ ఒక్కడి తప్పు కాదు.”

“సరే అక్కా,” అని లేచి, తలుపు దగ్గర ఆగాడు. “గని నువ్వైతే మార్చినవ్.”