మాఘానికి ఒకటి ఎక్కువ

పాత రాతి మీది ధూళిని తడిగుడ్డతో తుడుస్తోంది ఉలక్క. వీధిలో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. భర్త ఊపిరితిత్తులు రాతిపొడికి చెడిపోయాక ఉలి ఆమె చేతికి వచ్చింది. ఎవరూ నేర్పలేదు. పనికిరాని ముక్కల మీద చెక్కి చెక్కి అక్షరం నిలబెట్టుకుంది. ఇప్పుడు పొద్దెక్కేసరికే మణికట్టు లాగేస్తుంది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ ఒకప్పటి దర్జీ. తండ్రి సమాధిరాయి పగిలిందని కొత్తది చేయిస్తోంది. పాత అక్షరాలు అలాగే ఉంచి, పిల్లలకు అర్థమయ్యేలా కింద ఇంగ్లీషు సంవత్సరం కూడా కావాలంది.

"పంతొమ్మిది వందల యాభై నాలుగు అని చెక్కు. మా అన్నయ్య లెక్క అది. శకానికి డెబ్బై ఎనిమిది కలపాలట."

ఉలక్క సుద్దతో ఆ అంకెలు రాసింది. ఇలాగే చెక్కేసి ఇంటికి పోయి పడుకుందామా అనిపించింది. కానీ రాతిమీద తప్పు రబ్బరుతో పోదు. పాతరాతిపై వేలు పెట్టి చదివింది: శకం 1876, విక్రమ 2011, మాఘం. రెంటికీ ఉండాల్సిన తేడా నూట ముప్పై అయిదు, అంతే ఉంది. అంకెలు అరిగినా సరిగ్గానే ఉన్నాయి.

"పిన్నిగారూ, మీరు పుట్టిందెప్పుడు?"

"ఆ యాభై నాలుగులోనే, అక్టోబరు మొదట్లో. కడుపులో ఉండగానే తండ్రిని మింగిందని పేరు. మా అమ్మ నన్ను కని పోయింది, చెప్పేవాళ్లు లేరు. నా వయసుకి నా రాశిఫలం ఎందుకే?"

"శకం ఏడాది మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, చైత్రంతో మొదలవుతుంది. అప్పట్నుంచి డిసెంబరు దాకా డెబ్బై ఎనిమిది కలిపితే సరిపోతుంది. మాఘం వచ్చేది జనవరి, ఫిబ్రవరుల్లో. అప్పటికి ఇంగ్లీషు ఏడాది మారిపోతుంది, శకం మారదు. డెబ్బై తొమ్మిది కలపాలి."

"అంటే?"

"యాభై అయిదు. విక్రమం నుంచి చూసినా అంతే. మామూలుగా యాభై ఏడు తీసేస్తాం, మాఘంలో యాభై ఆరే."

పెద్దావిడ చీర కొంగు వేళ్లకు చుట్టుకుంది.

"అయితే మా నాన్న నన్ను ఎత్తుకున్నాడంటావా?"

"ఎత్తుకున్నాడో లేదో రాయి చెప్పదు పిన్నిగారూ. మీరు పుట్టాక మూడు నెలలకు పైగా ఆయన బతికే ఉన్నారు."

"మూడు నెలల పిల్లను ఎత్తుకోని మగాడుంటాడా?"

"ఉంటారు. మా ఆయనే ఎత్తుకోలేదు, కిందపడేస్తానని భయం."

పెద్దావిడ నవ్వబోయి ముక్కు తుడుచుకుంది. "మా అన్నయ్య ఉప్పు కూడా తూచేవాడు. ఇదొక్కటీ తూచలేదు. చెక్కు తల్లీ."

ఉలక్క సుద్ద నాలుగును చెరిపి అయిదు రాసింది. ఉలి పెట్టింది. మధ్యలో రెండుసార్లు చెయ్యి దులుపుకోవాల్సి వచ్చింది. సాయంత్రానికి నల్ల రంగు నింపి, ఆరాక నూనెగుడ్డతో తుడిచి, మరో ఇద్దరి సాయంతో రాయిని ఆటోలో పెట్టించింది. అంచులు దెబ్బ తినకుండా పెద్దావిడ పాత దుప్పటి కప్పి, ఆ పక్కనే ఎక్కి కూర్చుంది.