పక్కపక్కనే ఉన్న రెండు బటన్లు

ఒక్కరికే రాసిన మాట అందరికీ చేరితే మీరు ఎవరిని నిందిస్తారు? విధిని నమ్మని నేను కంప్యూటర్‌ను నిందించాను.

మా యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్‌కు మూడు నెలల గడువు అడిగింది. ఆమె గైడ్ ఆ వినతిని ఆమెతో సహా విభాగమంతటికీ మెయిల్ చేశాడు. అదే విభాగంలో ప్రొఫెసర్‌నైన నేను, ఆయనొక్కడికే అనుకుని, "ఈ అమ్మాయికి సాకులెక్కువ" అని రాసి పంపాను. నేను నొక్కింది రిప్లై కాదు, రిప్లై ఆల్.

మర్నాడు ఆమె తార్నాక బస్‌స్టాప్‌లో టిఫిన్ క్యారియర్‌తో కనిపించింది.

"సాకు కాదు సార్, అమ్మ దవాఖానల ఉన్నది. అన్నం తీస్కపోతున్న."

నేను నోరు తెరిచేలోగా బస్సెక్కింది. గడువైతే దొరికింది గానీ, అందరికంటే ఎక్కువగా వాదించే ఆ పిల్ల మళ్లీ నా సెమినార్‌లో నోరు విప్పలేదు.

"గా రెండు బటన్లు పక్కపక్కన వద్దని ఎన్నిసార్లు చెప్పిన సార్? ఇప్పుడు బాధపడితే ఏం ఫాయిదా?" అన్నాడు ఆఫీసు గుమస్తా. నా కంప్యూటర్లో రిప్లై ఆల్‌ను టూల్‌బార్ నుంచి తీసి మెనూలోకి నెట్టాడు. పంపిన మెయిల్‌ను కొన్ని సెకన్లలోపు ఆపుకునే ఏర్పాటూ చేశాడు. ఐదు నిమిషాల పని.

జన్మంతా ఆధారాలడిగిన నేను ఆమెను ఒక్క ప్రశ్నయినా అడగకుండా తీర్పు రాశాను. దానికి ఏ సెట్టింగూ లేదు. బటన్‌కు ఉంది. మీరూ లేచి, ఇప్పుడే ఆ బటన్‌ను దూరం జరపండి.