కోసేసిన కడ్డీలు

మా వీధిలో అన్నీ సగం ఇళ్లే. గృహనిర్మాణ సంస్థ వాళ్లు ఒక గది, వంటిల్లు, స్నానాలగది కట్టి తాళాలు చేతికిచ్చారు. మిగతాది ఎవరి ఓపికను బట్టి వాళ్లు లేపుకోవాలి. అందుకే పునాదులూ స్తంభాలూ పై అంతస్తును కూడా మోసేలా ముందే వేశారు. పక్క గోడ బరువు మోసేది కాదు, దాన్ని తీసేసి ఇంకో గది కలుపుకోవచ్చు. మేడ మీద ప్రతి స్తంభం నుంచీ నాలుగేసి ఇనుప కడ్డీలు నడుమెత్తున పైకి వదిలారు. "అవి ఉంటేనే పై గది. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూస్తూ ఉండండి" అని ఆ సంస్థ ఇంజనీరమ్మ ఇంటింటికీ తిరిగి మరీ చెప్పింది.

పక్కింటి టైలరు బాబాయి ఆ మాట శ్రద్ధగా విన్నాడు. మొదట పక్క గోడ తీసి గది కలుపుకున్నాడు. అందులోకి కుట్టుమిషన్లు చేరాయి, అది కాస్తా కొట్టయిపోయింది. కొడుకు పెళ్లయ్యాక పైన గది వేస్తే సరిపోతుందనుకున్నాడు.

మనిషి మంచివాడే, కానీ నలుగురేమంటారో అన్న బెంగ ఆయన్ని పీల్చి పిప్పి చేసేది. వీధి కుళాయి దగ్గరికి కూడా ఇస్త్రీ చొక్కాతోనే వచ్చేవాడు. అలాంటివాడి ఇంటికి ఓసారి బావమరిది వచ్చి, మేడ వైపు తలెత్తి, "ఏం బావా, మేస్త్రి మధ్యలో పారిపోయాడా?" అని నవ్వాడు. అందరం నవ్వాం. బాబాయి మాత్రం నవ్వలేదు.

పిల్లవైపు వాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారని కబురు రాగానే రంపపు బ్లేడు పట్టుకుని మేడెక్కాడు. నేను మా మేడ మీంచి చూసి కేకేశాను.

"బాబాయ్, అవి కొయ్యకూడదు!"

"వచ్చేవాళ్లకి మొండి ఇల్లు చూపించమంటావా? నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

మొదలంటా కోసి, పైన సిమెంటు మెత్తి, సున్నం వేశాడు. మేడ అద్దంలా తయారైంది. సంబంధం కుదిరింది, పెళ్లీ అయింది.

ఇప్పుడు కోడలికి నెలలు నిండుతున్నాయి. ఉన్న ఒక్క గదికి అడ్డంగా దుప్పటి తెర. అటు కొడుకూ కోడలూ, ఇటు బాబాయీ పిన్నీ. దగ్గు వచ్చినా నోరు మూసుకోవాల్సిన సంసారం. బిడ్డ వచ్చేలోపు పైన గది పడాలని బాబాయి మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి, నా పాత స్నేహితుడు, నన్నూ రమ్మన్నాడు.

మేడెక్కి నాలుగు మూలలూ చూసి, "కడ్డీలేవి?" అన్నాడు.

"తుప్పు పట్టి రాలిపోయాయి" అన్నాడు బాబాయి, గోడకేసి చూస్తూ.

మేస్త్రి సిమెంటు పెళ్ల ఒకటి లేపి చూశాడు. తళతళలాడే కోత. "ఇది తుప్పు కాదు, రంపం. పిల్లల బట్టలకి అంచు మడతలో గుడ్డ వదులుతావు కదా, పెరిగాక విప్పుకోవడానికి? ఇదీ అంతే కదయ్యా. నువ్వే కత్తిరించుకుంటే ఎలా?"

నాకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. పైకొచ్చిన కోడలు మెట్ల దగ్గరే ఆగిపోయి అంతా విన్నది.

ఇంజనీరమ్మ వచ్చి చూసింది. కొత్త కడ్డీలు పాత కడ్డీల పక్కన మూరెడుకు పైగా కలిసి ఉంటేనే స్తంభం ఒకటవుతుంది. ఇప్పుడైతే స్తంభాల్లో రంధ్రాలు తొలిచి, ఇనుము పట్టి ఉంచే మందు పోసి, కడ్డీలు నాటాలి. అది పరీక్షలు చేసి చేయాల్సిన పని, బిడ్డ వచ్చేలోపు తెమలదు. ఈలోగా తేలిక గోడలతో రేకుల గది వేసుకోవచ్చు, దాని మీద ఇంకేమీ లేపకూడదు అని చెప్పి వెళ్లిపోయింది.

బాబాయి మేడ మీదే కూలబడ్డాడు. సిగ్గుతో ఆయన మెడ వంగిపోయింది. మేస్త్రి వెళ్లాక, నేనక్కడ ఉండగానే, కోడలి ముందు నోరు విప్పాడు.

"నేనే కోశానమ్మా. మీవాళ్లు చూసి ఏమనుకుంటారోనని. ఎండల్లో రేకుల కింద నిన్నూ పసిగుడ్డునీ ఉడకబెట్టబోతున్నాను. నీ మొహం చూడలేకపోతున్నాను తల్లీ."

ఆ పిల్ల వచ్చి ఆయన పక్కన మెల్లగా కూర్చుంది.

"మాదీ ఇలాంటి సగం ఇల్లే మామయ్యా" అంది. "మీరు మా ఇంటికొచ్చినప్పుడు మేడ మీద వరసగా దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, గుర్తుందా?"

"ఉంది. ఇంట్లో ఇన్ని దుప్పట్లున్నాయా అనుకున్నాను."

"సగం పక్కింట్లో అడిగి తెచ్చినవి. మీరు మా కడ్డీలు చూస్తారేమోనని మా నాన్న కప్పించాడు."

బాబాయి తలెత్తాడు.

"కప్పించాడు మామయ్యా" అందామె, కళ్లు తుడుచుకుంటూ. "కోయలేదు."