పది రెట్ల తేడా

2004 జూన్ 14, సోమవారం, పొద్దున పదిన్నరకు అది మొదలైంది. ప్రాణహిత నది ఒడ్డున సిరొంచలో మా ఇంటి వసారాలో అక్కా నేనూ ప్రశ్నలు రాస్తున్నాం. ఇద్దరం చంద్రాపూర్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాం. అయినా మొదటి ఏడాది పిల్లలకు అంచనా ప్రశ్నలు మేమే రాసి పంపేవాళ్లం.

వాటికి ఒకే జవాబు ఉండదు. తెలియని సంఖ్యలను పిల్లలే సబబుగా అనుకోవాలి, ఎందుకు అలా అనుకున్నారో రాయాలి. పది మార్కుల్లో అందుకు నాలుగు, లెక్క నడిపిన తీరుకు మూడు, వచ్చిన జవాబు లోకంలో కుదురుతుందా అని చూసుకున్నందుకు మూడు. జవాబు నాలుగు వందలైనా ఏడు వందలైనా మాకొకటే. నాలుగు వందల పదమూడు అని రాస్తే మాత్రం అక్క ఒక మార్కు కోసేది. "అన్నీ అనుకున్నవే అయితే ఆ పదమూడు ఎక్కడిది?" అని పక్కన రాసేది.

ప్రతి ప్రశ్ననూ ముందు మేమిద్దరం వేరువేరు చీటీల మీద చేసేవాళ్లం. జవాబుల మధ్య తేడా పది రెట్లు దాటితే తప్పు ప్రశ్నదేనని పక్కన పెట్టేవాళ్లం.

ఆ రోజు ప్రశ్న: బామ్ని ఊళ్లో ఒక పంటకు పండిన వడ్లన్నీ పడవ మీద ప్రాణహిత దాటించాలంటే పడవ ఎన్నిసార్లు పోవాలి? నేను నాలుగు వందల ఇళ్లు, ఇంటికి రెండెకరాలు, ఎకరానికి ఇరవై బస్తాలు అనుకున్నాను. పదహారు వేల బస్తాలు, పడవకు నలభై. నాలుగు వందల సార్లు. అక్క చీటీలో నాలుగు అని ఉంది.

"ప్రశ్నే సరిగ లేదక్కా. ఏ పడవో చెప్పలే" అన్నాను. 'ఇద్దరు నడిపే చిన్న నాటు పడవ' అని చేర్చి మళ్లీ ఇచ్చాను.

మళ్లీ నాలుగే. బస్తాల లెక్క నాలాగే చక్కగా చేసింది. పడవకు నాలుగు వేల బస్తాలు అనుకుంది.

"నాలుగు వేలు ఎట్ల పడతయక్కా? మూడు వందల టన్నులాయె."

"పడతయ్ తియ్యే. జర సర్ది పెట్టాలె."

నేను నవ్వలేదు. "మన నీళ్ల బిందెల ఎన్ని గ్లాసులు పడతయ్?"

"రెండు" అంది. తర్వాత నా ముఖం చూసింది. "ఏందే, నాకే పరీక్ష పెడుతున్నవా?"

చీటీ వెనక్కి తీసుకుని పైనుంచి కిందికి చదివింది. ఎర్ర పెన్ను అడిగింది. లెక్క నడకకు మూడు వేసుకుంది. మిగతా రెండు చోట్లా సున్నా పెట్టింది.

"ఇగ నా ప్రశ్నలు పంపకు. పిల్లలు ఆగమైతరు" అంది.

తప్పు ప్రశ్నది కాదు, పారేయాల్సిన పని లేదు. ఆ ఏడు నేనొక్కదాన్నే పంపాను, ఇంకో చీటీతో సరిచూడకుండా.

ఆ తర్వాత అక్క మతిమరుపులో ఏడాదికింత పోయినవి ఇవి. మొదటి ఏడు, వేల లెక్క. రెండో ఏడు, వందలు, నెలలు. మూడో ఏడు, ఇంటి దారి, చదువు చెప్పానన్న జ్ఞాపకం. నాలుగో ఏడు, నేనెవరో. ఐదో ఏడు, అక్కే.